అమ్మానాన్నలకు కొత్త చదువు చెప్పేదెలా?

కొత్త పాఠ్యప్రణాళిక గురించి తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాల్సి వస్తే చాలామంది టీచర్లు సర్క్యులర్ చదివేస్తారు. ‘పునాది దశ’, ‘సామర్థ్యాలు’, ‘అభ్యసన ఫలితాలు’ అంటూ పోతుంటే అమ్మానాన్నలు తలలూపుతారు. బయటికెళ్లాక ‘అయితే ఇక చదువు చెప్పరా?’ అని ఒకరినొకరు అడుగుతారు. అందుకే మాటలకంటే ముందు ఒక లెక్క చూపించాలి.

రెండో తరగతిలో 27, 15 కూడమంటే కొందరు పిల్లలు 312 అని రాస్తారు. రెండూ ఒకటీ మూడు, ఏడూ ఐదూ పన్నెండు. కూడిక వచ్చు, కానీ 27లో రెండంటే ఇరవై అని తెలియదు. ఈ తప్పును బోర్డు మీద రాసి, ఒక తల్లి చేతికి చీపురుపుల్లలు ఇవ్వాలి. పదేసి పుల్లల కట్టలు రెండు, విడిగా ఏడు. పక్కన ఒక కట్ట, విడిగా ఐదు. విడి పుల్లలు కలిపితే పన్నెండు. అందులో పదింటిని ఆమే కట్ట కడితే నాలుగు కట్టలు, రెండు పుల్లలు. నలభై రెండు! ‘ఒకటి చేతిలో ఉంచుకోవడం’ అంటే ఏమిటో అప్పుడు గదిలో అందరికీ కనిపిస్తుంది. ‘కొత్త పుస్తకంలో బొమ్మలు, ఆటలు ఎక్కువ ఉన్నది ఇందుకే’ అంటే చాలు.

ఆ తర్వాత ప్రశ్నలు వస్తాయి. వాటికి ముందే సిద్ధంగా ఉండాలి.

‘హోంవర్క్ ఇవ్వరా టీచర్ గారూ?’ రెండో తరగతి వరకు రాత హోంవర్క్ వద్దని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానమే చెబుతోంది. బదులుగా సంతలో కొన్న కూరగాయల లెక్క పిల్లల చేత చెప్పించమనాలి.

‘ఎక్కాలు నేర్పరా?’ నేర్పుతాం. మూడేసి గింజల కుప్పలు నాలుగు పెట్టి పన్నెండని పిల్లలు తేల్చాక మూడో ఎక్కం బట్టీ పట్టినా నష్టం లేదు.

‘మార్కులు లేకపోతే మావాడికి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?’ అసలైన ప్రశ్న ఇదే. 2021లో మొదలైన నిపుణ్ భారత్ దీనికి గీటురాళ్లు పెట్టింది: ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు, రెండో తరగతి అయ్యేసరికి 999 వరకు అంకెలు చదివి రాయగలగాలి. చదువు సంగతి ఇంట్లోనే చూడొచ్చు. పిల్లలు ముందెప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చదివించి, ‘ఏం జరిగింది?’ అని అడగాలి. గడగడా చదివి కథ చెప్పలేకపోతే, అక్షరాలు వచ్చాయిగానీ అర్థం ఇంకా అందలేదన్నమాట. అది టీచరుకు చెప్పాల్సిన విషయం.

జవాబు తెలియని ప్రశ్న వస్తే రాసుకుని, ఏ రోజుకు చెబుతారో అక్కడే చెప్పాలి. చివర్లో ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. అలా కాకుండా ‘ఈరోజు సమావేశానికి రాని పక్కింటావిడకు ఈ 312 సంగతి ఎలా చెబుతారమ్మా?’ అని ఒకరిని అడగాలి. ఆమె తడబడితే, పుల్లలు మళ్లీ తీయాలి.