35 దగ్గర గీత పడాలి

పదో తరగతి ప్రీఫైనల్ లెక్కల పేపర్లు దిద్దడం అయిపోయిందనుకుందాం. నూటికి వేసిన మార్కులు రోల్ నంబర్ల వరసలో రిజిస్టరుకెక్కాయి. మొత్తం 60 మంది. ఈ మార్కులు వివరించడం కోసం నేను అల్లినవే అయినా, ఇలాంటి జాబితా ఏ స్టాఫ్‌రూమ్‌లోనైనా కనిపిస్తుంది.

48, 35, 62, 71, 29, 54, 38, 88, 45, 57
35, 66, 12, 52, 78, 41, 60, 31, 35, 91
53, 26, 74, 35, 49, 64, 81, 58, 37, 19
96, 43, 55, 35, 67, 23, 47, 72, 61, 38
31, 58, 83, 40, 52, 69, 17, 46, 35, 75
63, 28, 56, 36, 94, 51, 65, 77, 42, 86

ఎంతసేపు చూసినా కంటికి ఆనేవి రెండే: పైన 96, అడుగున 12. మధ్యలో ఉన్న 58 మంది సంగతి అర్థం కాదు. తరగతి మొత్తం ఎలా ఉందని హెడ్మాస్టరు అడిగితే ఈ కాగితం చూసి చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు. పాఠ్యపుస్తకాలు దీన్ని ముడి దత్తాంశం అంటాయి. దీన్ని చిన్న చిన్న తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఎంతమంది పడ్డారో ఎదురుగా రాస్తే అది పౌనఃపున్య పట్టిక. (బడి తరగతికీ ఈ తరగతికీ ఒకటే మాట కాబట్టి, ఇకమీదట తరగతి అంటే మార్కుల తరగతే.)

లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. గీతలు ఎక్కడ గీయాలన్న దగ్గరే చిక్కు. పుస్తకం చెప్పే దారి తేలికే. పెద్ద మార్కులోంచి చిన్న మార్కు తీసెయ్యి, వ్యాప్తి వస్తుంది. దాన్ని కావలసిన తరగతుల సంఖ్యతో భాగించు, తరగతి అంతరం వస్తుంది. మరి ఎన్ని తరగతులు కావాలి? దీనికి హెర్బర్ట్ స్టర్జెస్ 1926లో ఒక సూత్రం ఇచ్చాడు. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే ఎన్నో రెట్టింపుకు మన సంఖ్య దగ్గరికి వస్తామో చూసి, దానికి ఒకటి కలపాలి. 2, 4, 8, 16, 32, 64. ఆరో రెట్టింపుకే 60 దాటిపోయాం. ఒకటి కలిపితే ఏడు తరగతులు.

మన జాబితాలో వ్యాప్తి 96లోంచి 12 తీసేస్తే 84. ఏడుతో భాగిస్తే సరిగ్గా 12. శేషం లేకుండా తెగింది కాబట్టి సంబరపడి 12–23, 24–35, 36–47 అని రాసుకుంటూ పోతాం. ఏడో తరగతి 84–95 దగ్గర ఆగుతుంది. ఫస్టొచ్చిన పిల్లాడికి పట్టికలో చోటే లేదు! ఎందుకంటే 12 నుంచి 96 దాకా ఉన్న అంకెలు 84 కావు, 85. రెండు చివర్లనూ కలిపి లెక్కపెట్టాలి. ఈ పొరపాటు బయటపడే చోటు పట్టిక చివరి వరస. మొత్తం 60 రావలసింది 59 వస్తుంది. అందుకే మొత్తం వేయని పట్టికను నేను నమ్మను.

ఎనిమిదో తరగతి కలిపితే ఆ తప్పు సర్దుకుంటుంది. కానీ రెండో తరగతి చూడండి, 24–35. ముప్పై అయిదు వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. పాసైన పిల్లల్నీ తప్పిన పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టేశాం. సూత్రానికి మార్కుల గుణం తెలీదు, వాటి సంఖ్య మాత్రమే తెలుసు. కాబట్టి ఏడు అన్న జవాబును సుమారుగా తీసుకోవాలి: మూడో నాలుగో తరగతులు చాలవు, ఇరవై మరీ ఎక్కువ. అంతకు మించి దానిలో ఆజ్ఞ ఏమీ లేదు.

అందరికీ అలవాటైన దారి పదుల లెక్క. 10–19, 20–29 అలా 90–99 దాకా తొమ్మిది తరగతులు. ఎదురుగా వచ్చే సంఖ్యలు వరసగా 3, 4, 12, 9, 10, 9, 6, 4, 3. చూడటానికి ముచ్చటగా ఉంది. ఇప్పుడు ఈ పట్టిక ఒక్కటే చేతిలో పెట్టుకుని, ఎంతమంది తప్పారో చెప్పండి. మొదటి రెండు తరగతుల ఏడుగురు ఎలాగూ తప్పారు. 30–39లో 12 మంది ఉన్నారు, గీత దాని నడిమధ్యన ఉంది. సగం సగం అనుకుంటే ఇంకో ఆరుగురు, మొత్తం 13. ఇప్పుడు జాబితాకు వెళ్ళి లెక్కపెడితే తప్పింది తొమ్మిది మందే. ఆ పన్నెండు మందిలో గీతకు కింద ఉన్నది ఇద్దరు, పైన ఉన్నది పది మంది. లెక్కలో తప్పు లేదు, కూడిక కూడా 60కి సరిపోయింది, అయినా పట్టిక మనల్ని తప్పుదారి పట్టించింది.

అంతరం అదే పది ఉంచి, మొదలుపెట్టే చోటు మాత్రం మార్చుదాం. ఏదో ఒక తరగతి 35తో మొదలవ్వాలి. మిగిలినవి దాన్నిబట్టి కిందికీ పైకీ జరుగుతాయి.

| మార్కులు | విద్యార్థులు |
|---|---|
| 5–14 | 1 |
| 15–24 | 3 |
| 25–34 | 5 |
| 35–44 | 14 |
| 45–54 | 10 |
| 55–64 | 10 |
| 65–74 | 7 |
| 75–84 | 5 |
| 85–94 | 4 |
| 95–104 | 1 |
| మొత్తం | 60 |

పై మూడు వరసలు కలిపితే తొమ్మిది, తప్పినవాళ్ళ లెక్క ఊహ అవసరం లేకుండా తేలింది. చివరి తరగతి 104 దాకా పోవడం కొంత ఎబ్బెట్టే. అయినా నూరు దగ్గర కత్తిరించి ఒక్క తరగతిని ఇరుకు చేయడం కంటే ఇదే నయం. ఎందుకో గ్రేడ్ల దగ్గర చెబుతాను.

లెక్కపెట్టే పద్ధతి గురించి ఒక మాట. ముందు 5–14లో ఎవరున్నారని జాబితా మొత్తం వెతికి, తర్వాత 15–24 కోసం మళ్ళీ మొదటినుంచి వెతకడం చాలామంది చేసే పని. అలా చేస్తే జాబితాను పదిసార్లు చదవాలి, ఎక్కడో ఒకటి జారిపోతుంది. జాబితాను ఒక్కసారే, వరసగా చదవాలి. 48 వచ్చింది, 45–54కు ఎదురుగా ఒక నిలువు గీత, జాబితాలో 48 మీద పెన్సిలుతో చిన్న కొట్టివేత. తర్వాత 35, తర్వాత 62. ఏ తరగతిలోనైనా నాలుగు నిలువు గీతలు పడ్డాక అయిదోది వాటి మీదుగా అడ్డంగా గీస్తే, చివర్లో అయిదుల కట్టలు లెక్కపెట్టుకుంటే చాలు. 35–44కు ఎదురుగా రెండు కట్టలు, నాలుగు గీతలు మిగులుతాయి.

స్లిప్ టెస్టుల్లో అర మార్కులు వేసే అలవాటుంటే ఇంకో చిక్కు వస్తుంది. 34½ వచ్చిన పిల్లను 25–34లో వేయాలా, 35–44లో వేయాలా? రెండింటి మధ్య సందులో ఉంది. అప్పుడు తరగతుల్ని 25–35, 35–45 అని రాసి, ఎగువ హద్దు మీద పడ్డ మార్కు తర్వాతి తరగతికే చెందుతుందని పెట్టుకోవాలి. 34½ కింది తరగతికి, 35 పై తరగతికి. ఈ నియమం పట్టిక పక్కనే రాసిపెట్టాలి, లేకపోతే చదివేవాళ్ళు 35ను ఏదో ఒక పక్కకు తోసేస్తారు.

మళ్ళీ ఆ పద్నాలుగు దగ్గరికి వద్దాం. పట్టికలో అన్నిటికన్నా పెద్ద సంఖ్య అది, దాని ముందున్నది అయిదే. ఇంత ఎత్తు ఎక్కడినుంచి వచ్చింది? తెలుసుకోవాలంటే అంతరాన్ని అయిదుకు తగ్గించి ఆ చోటు మాత్రం చూడాలి. 25–29లో ముగ్గురు, 30–34లో ఇద్దరు, 35–39లో పది మంది, 40–44లో నలుగురు. ఆ పది మందిలో ఆరుగురికి సరిగ్గా 35. ఇక 32, 33, 34 వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లల తెలివితేటలు ఇలా 34 దగ్గర గోడ కట్టుకుని ఉండవు. దిద్దేవాళ్ళ దయ కనిపిస్తోందిక్కడ. ఒక మార్కు, రెండు మార్కుల్లో తప్పేవాణ్ణి చూసి మళ్ళీ ఒకసారి పేపరు తిరగేసి, సగం చేసిన లెక్కకు ఒక మార్కు వేసి గట్టెక్కిస్తారు. ఇది మన ఒక్కళ్ళ సంగతి కాదు. పోలండ్‌లో ఇంటర్ లాంటి మతూరా పరీక్షకు పాసు 30 శాతం. అక్కడి పోలిష్ భాష పేపరు మార్కుల గ్రాఫులో 30కి కింద గొయ్యి, 30 దగ్గర గుట్ట కనిపించాయి.

అంతరం అయిదే బాగుందని పట్టికంతా అలా వేస్తే 18 తరగతులవుతాయి. పై భాగంలో 5, 5, 5, 5, 4, 3, 3, 2, 2, 2, 1 అని సాగుతుంది, దాంట్లో చదవడానికి ఏమీ ఉండదు. పోనీ అంతరం 20కి పెంచితే 3, 16, 19, 15, 7 వస్తాయి. మధ్యలో ఎత్తుగా, అటూ ఇటూ వాలుగా చక్కని ఆకారం. గోడా లేదు, గుట్టా లేదు, అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. పరీక్ష ఫలితాలు అందంగా చూపించుకోవాలనుకునేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

ఇక గ్రేడ్లు. తెలంగాణ పదో తరగతి గ్రేడ్ల పద్ధతిలో 91–100 ఎ1, అక్కడినుంచి పదేసి మార్కులకు ఒక మెట్టు చొప్పున 41–50 సి2 దాకా దిగి, ఆ కింద 35–40 డి, 0–34 ఇ అయ్యాయి. మన 60 మందిని ఇలా సర్దితే సి1లో 11 మంది, డిలో కూడా 11 మంది. రెండూ సమానమని బొమ్మలో ఒకే ఎత్తు స్తంభాలు వేస్తే తప్పు. సి1 పది మార్కుల వెడల్పు, డి ఆరే మార్కులు. మార్కుకు ఎంతమంది అని చూస్తే సి1లో ఒకరికి కాస్త ఎక్కువ, డిలో దాదాపు ఇద్దరు. వెడల్పులు సమానం కానప్పుడు సంఖ్యను వెడల్పుతో భాగించి, వచ్చినదాన్నే స్తంభం ఎత్తుగా తీసుకోవాలి. అన్ని తరగతుల్నీ ఒకే వెడల్పులో ఉంచితే ఈ బాధ ఉండదు, 95–104 అని రాసింది అందుకే.

పట్టిక కట్టాక అసలు మార్కులు మరుగున పడతాయి కాబట్టి, సగటు కావాలంటే ఒక్కో తరగతిలో అందరికీ దాని మధ్య విలువే వచ్చిందని అనుకోవాలి. 35–44లో ఆ విలువ 39½. పద్నాలుగు మందికీ అంతేసి వేస్తే 553 మార్కులు. జాబితాలో ఆ పద్నాలుగు మంది తెచ్చుకున్నవి 525. అందరూ 35ను అంటిపెట్టుకుని ఉంటే మధ్య విలువ వాళ్ళను పైకి లాగేసింది. పట్టిక మొత్తం మీద సగటు 53.33 వస్తుంది, అసలు సగటు 52.75. అందరివీ కలిపితే తేడా 35 మార్కులు, అందులో 28 ఆ ఒక్క తరగతిలోనే పుట్టాయి.