రాత్రి పదికి మూషిక జింక

నల్లగొండ బ్యాంకు కౌంటర్‌లో పనిచేసే మా వదిన రాత్రి పదికి ఫ్యామిలీ గ్రూపులో ఒక్క బొమ్మే పెడుతది. మూషిక జింక, దాని కింద ‘ఇయ్యాల్టికి చాలు, పండుకోండి’ అని.

ఆ జింకకు పాలమూరుతో బంధముంది. హైదరాబాద్ జూలో పెంచినవాటిని 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. పెద్దదైనా అడుగు ఎత్తే!

పెద్ద తల, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు చూస్తే మనలో పసిపిల్లల మీది మురిపెమే లేస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. నాకైతే ఇంకో కారణం కనిపిస్తది. ‘ఎట్లున్నవ్?’ అంటే రోజంతా తవ్వి చెప్పాలె. బొమ్మకు ఒక నవ్వు పెడితే చాలు, అవతల మనిషి ఉన్నట్టు తెలుస్తది.

చక్కిలిగింతలకు చేతులెత్తే స్లో లోరిస్ వీడియో మాత్రం నేను పంపను. అది ఆట కాదు, భయపడినప్పుడు కాపాడుకునేందుకు అట్ల చేతులెత్తుతది.