‘చూస్తాను’ అని తప్పించుకోలేని మెసేజ్

హైదరాబాద్‌లో ఉంటూ పుస్తకాలు అనువదించే ఒకామె ఉందనుకుందాం. ఒక విద్యాసంస్థకు పాఠాలు తెలుగు చేసి, జూన్ 2న పనీ బిల్లూ కలిపి పంపింది. మొత్తం 60 వేలు. బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లిస్తామని ముందే మెయిల్‌లో రాసుకున్నారు. అంటే జులై 2కి గడువు తీరింది. అడిగితే జులై 8న ‘వచ్చే వారం’ అన్నారు. 21న ‘నెలాఖరుకు’ అన్నారు. ఆగస్టు 1న ‘ఎండీ గారు ఊళ్లో లేరు, ఈ వారం పక్కా’ అన్నారు. ఆగస్టు 6న ఆమె మళ్లీ వాట్సాప్ తెరిచి ఇలా రాసుకుంది:

“నమస్తే సార్, బాగున్నారా? మీరు బిజీగా ఉంటారని తెలుసు, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ. ఆ పేమెంట్ సంగతి ఒకసారి గుర్తు చేద్దామని. ఈ వారం అయిపోతుందన్నారు కదా, పనుల్లో పడి మర్చిపోయి ఉంటారు. మాకూ ఈ నెల కొంచెం ఇబ్బందిగా ఉంది, పిల్లల ఫీజు కట్టాలి. వీలైతే కాస్త చూడండి సార్, ఏమీ అనుకోకండి. రెండో పుస్తకం పని కూడా అయిపోవచ్చింది, రెండు రోజుల్లో పంపేస్తాను. థాంక్యూ సార్.”

దీనికి వచ్చే జవాబు ఊహించడం కష్టం కాదు: ‘తప్పకుండా అండీ, చూస్తాను.’ ‘వీలైతే చూడండి’ అన్నదానికి ‘చూస్తాను’ అన్నది పూర్తి సమాధానమే. తప్పు అవతలివారిదే అయినా, తప్పించుకునే దారి మాత్రం మెసేజే చూపించింది.

దీన్ని బిగించాలంటే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనతో మాట్లాడే మనిషి, డబ్బు వేసే మనిషి చాలా ఆఫీసుల్లో ఒకరు కారు. ఈ సార్ పుస్తకాల విభాగం చూస్తారు. చెల్లింపు అకౌంట్స్ వాళ్లు చేస్తారు. కాబట్టి సార్ ఏమీ చేర్చకుండా, ఏమీ వెతకకుండా అకౌంట్స్‌కు ఫార్వర్డ్ చేయగలిగేలా మెసేజ్ ఉండాలి. పై మెసేజ్‌ను ఫార్వర్డ్ చేస్తే ‘ఏ బిల్లు? ఎంత?’ అని అక్కడి నుంచి ప్రశ్న తిరిగి వస్తుంది. ఆ ప్రశ్నతో మరో వారం గడిచిపోతుంది.

ఇప్పుడు వాక్యాలు చూద్దాం. క్షమాపణ తీసేయాలి, ఎందుకంటే గడువు దాటిన బాకీ అడగడంలో క్షమించాల్సిందేమీ లేదు. ‘మర్చిపోయి ఉంటారు’ అన్నది తీసేయాలి, ఎందుకంటే అవతలివారు వెతుక్కోనవసరం లేకుండా సాకు మనమే అందిస్తున్నాం. పిల్లల ఫీజు మాట కూడా తీసేయాలి. అది బాకీని సాయంగా మార్చేస్తుంది. సాయం ఎప్పుడు చేయాలన్నది చేసేవారి ఇష్టం. ఇక అన్నిటికన్నా నష్టం చేసేది చివరి వాక్యం. మొదటి పుస్తకం డబ్బు రాకుండానే రెండోది పంపేస్తానంటే, తొందరపడే అవసరం అవతలివారికి ఏముంటుంది?

ఇవన్నీ తీసేసి ఆమె రెండోసారి రాసినప్పుడు మూడు వాయిదాలనూ తేదీలతో సహా వరసగా పెట్టింది. అది నిజమే అయినా అభియోగపత్రంలా ఉంది. పైగా సార్ దాన్ని అకౌంట్స్‌కు పంపితే తన మాట తప్పిన చరిత్రను తానే పంపుకున్నట్టు. అందుకే పంపరు. చివరి మాట ఒక్కటి చాలు. బిగించాక మెసేజ్ ఇలా నిలిచింది:

“నమస్తే సార్. బిల్లు నం. 14, తేదీ జూన్ 2, ఆరో తరగతి పాఠాల అనువాదం, రూ. 60,000. చెల్లింపు గడువు జులై 2. ఈ వారం అవుతుందని ఆగస్టు 1న చెప్పారు. టీడీఎస్ పోను రూ. 54,000 ఏ తేదీన జమవుతుందో ఎల్లుండి, ఆగస్టు 8 సాయంత్రంలోపు దయచేసి చెప్పండి. బిల్లులో ఏదైనా సరిచేయాల్సి ఉంటే చెప్పండి, ఆ రోజే మార్చి పంపుతాను. ఈ డబ్బు జమ కాగానే రెండో పుస్తకంలో మిగిలిన పాఠాలు పంపుతాను. బిల్లు జతచేశాను.”

ఇందులో మర్యాద ఎక్కడా తగ్గలేదు. ‘సార్’ ఉంది, ‘దయచేసి’ ఉంది. అడిగింది మాత్రం ‘ఎప్పుడిస్తారు’ అని కాదు, ఒక తేదీ. దానికి ‘చూస్తాను’ అంటే జవాబు చెప్పనట్టేనని ఇద్దరికీ తెలుస్తుంది. చేతికి రావాల్సిన మొత్తం వేరుగా రాయడానికి కారణం ఉంది: పాత బిల్లుల్లో ఆ సంస్థ 10 శాతం టీడీఎస్ కోసింది. లెక్క ముందే తేల్చేస్తే ఆ పేరుతో మరో రౌండు నడవదు. బిల్లులో లోపముంటే చెప్పమనడం కూడా అందుకే. నిజమైన అడ్డంకి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది, లేకపోతే ఆ సాకు మళ్లీ చెప్పడానికి ఉండదు.

‘అకౌంట్స్‌కు బిల్లే అందలేదట’ అన్న జవాబు వస్తే ఒకచోట చూసుకోవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైన టీడీఎస్ వివరాలు కనిపిస్తాయి. 26ఏఎస్ అని అందరూ పిలుచుకునేది అదే. కంపెనీలు డబ్బు ఇచ్చినప్పుడు గానీ, ఖాతాల్లో బాకీగా రాసుకున్నప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు టీడీఎస్ కోయాలి. ఈ బిల్లుకు రూ. 6,000 అక్కడ కనిపిస్తే, బిల్లు వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కినట్టే. మూడు నెలలకోసారి వేసే రిటర్నుల తర్వాతే ఈ వివరాలు వస్తాయి కనుక, కనిపించనంత మాత్రాన ఎక్కలేదని అనుకోకూడదు.

జవాబు ఫోన్‌లో వస్తే, ఫోన్ పెట్టేయగానే ‘ఆగస్టు 14న వేస్తానన్నారు, సంతోషం సార్’ అని ఒక వాక్యం రాసి పంపాలి. వీలైతే మెయిల్‌లో పంపాలి. ఇలాంటి బాకీపై దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ లోపు బాకీ ఉన్నట్టు అవతలివారు సంతకంతో రాసిస్తే పరిమితి అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. మనం రాసుకున్నది అలాంటి ఒప్పుకోలు కాదు. వాళ్ల చేత రాయించుకోవడానికి మొదటి మెట్టు.

చట్టం మాట ఈ మెసేజ్‌లో లేదు. అది ఆగస్టు 8 మౌనంగా గడిచిపోతే పంపే మెసేజ్‌కు దాచుకోవాల్సింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బాకీని ఒప్పుకున్న తేదీకి కట్టాలి. ఆ తేదీ పనిని అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఒంటరిగా పనిచేసే అనువాదకురాలు కూడా ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. కాకపోతే పని అప్పగించాక చేసుకున్న నమోదు ఆ పాత బిల్లుకు పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. నమోదు లేకుండా ఈ చట్టం పేరెత్తితే, అవతలివైపు తెలిసిన అకౌంటెంట్ ఉంటే బెదిరింపు తేలిపోతుంది. చేయనిదాన్ని చేస్తానని రాయకూడదు.

మెసేజ్ ఎంత బిగించినా అవతల డబ్బే లేకపోతే డబ్బు పుట్టదు. అదీ జవాబులోనే తెలుస్తుంది. ఇవ్వగలిగినవారు తేదీ చెబుతారు, లేదా బిల్లు గురించి ఏదో ఒకటి అడుగుతారు. లేనివారు రెండూ చేయరు, కారణాలు మాత్రం మారుస్తుంటారు. అలాంటప్పుడు మొత్తం కోసం మరోసారి అడగడం కన్నా, ‘ఈ శుక్రవారం 27 వేలు, మిగతా 27 వేలు నెలాఖరుకు వేయగలరా?’ అని అడగడం మేలు. సగమైనా చేతికొస్తుంది, బాకీ ఒప్పుకున్నట్టు రాతలో ఉంటుంది. దానికీ తేదీ రాకపోతే రెండో పుస్తకం పాఠాలు పంపకుండా ఆపుకోవడం, కౌన్సిల్‌కో లాయర్‌కో కాగితాలు సిద్ధం చేసుకోవడం తప్ప వాట్సాప్‌లో రాయాల్సింది ఇక ఏమీ మిగలదు.