ఓవర్‌టైమ్ లెక్కకు అవును-కాదు అక్కర్లేదు

వారానికి 48 గంటల వరకు గంటకు 100 రూపాయలు, ఆపైన ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, అంటే 200 అనుకుందాం. తక్కువ ఖర్చుతో పని పంచే ప్రణాళికను కంప్యూటర్‌తో వేయించేటప్పుడు చాలామంది ‘48 దాటిందా, లేదా?’ అని 0-1 చలరాశి పెడతారు. అలాంటివి పెరిగితే లెక్క తేలడం కష్టమవుతుంది.

ఇక్కడ దాని అవసరం లేదు. గంటలను రెండు ముక్కలు చేస్తే చాలు. 55 గంటల పని కావాలంటే:

```
min 100a + 200b
a + b = 55
0 <= a <= 48, b >= 0
```

ఖర్చు తగ్గించాలి కాబట్టి చవకైన a ముందు నిండుతుంది: a = 48, b = 7, మొత్తం 6,200 రూపాయలు. వరుస తప్పితే ఖర్చు పెరుగుతుంది కనుక ఆ క్రమం దానంతటదే వస్తుంది.

రేటు తగ్గుతూపోతే ఇది చెల్లదు. 48 దాటాక 80 రూపాయలే అయితే, కంప్యూటర్ a = 0, b = 55 అని 4,400 చూపుతుంది. అసలు ఖర్చు 5,360. అక్కడ 0-1 చలరాశి తప్పదు. అందుకే జవాబు రాగానే చూడండి: a నిండకుండా b మొదలైతే నమూనా తప్పే.