ఆ గుండెకు సార్బిట్రేట్ ఎందుకు పడదు?

మే నెల మిట్టమధ్యాహ్నం. నలభై అయిదేళ్ల మనిషి పెళ్లిలో కడుపునిండా భోంచేసి లేచాడు. నాలుగు మెట్లు ఎక్కేసరికి గుండెలో నొప్పి పట్టింది. పక్కనే ఉన్న మేనమామ జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ ఉంటుంది. ఒక బిళ్ళ తీసి నాలుక కింద పెట్టించాడు. అయిదు నిమిషాల్లో తగ్గాల్సిన నొప్పి తగ్గలేదు సరికదా, కళ్లు తిరిగి మనిషి కూలబడ్డాడు.

ఈ రోగి నేను కల్పించినవాడే గానీ, జరిగిన తీరులో కల్పన లేదు. గుండె రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లకు ఆ బిళ్ళ మంచి మందు, మేనమామ చేసింది తెలివితక్కువ పనేమీ కాదు. అయితే ఈ మనిషి జబ్బు వేరు. అతని గుండె కండరమే పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల మందంగా పెరిగింది. డాక్టర్లు దీన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు, పొట్టిగా హెచ్‌సీఎం. దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. చాలామందికి ఉన్న సంగతే తెలియదు.

గుండెలో ఎడమ కింది గది ఒళ్లంతటికీ రక్తం తోస్తుంది. రెండు కింది గదుల మధ్య గోడ మామూలుగా సుమారు ఒక సెంటీమీటరు మందం ఉంటుంది. ఈ జబ్బులో 15 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకు చాలా ఎక్కువ. ఆ గోడ ఉబ్బి, రక్తం బయటికి పోయే దారిని సగం ఆక్రమిస్తుంది. దారికి అవతలి పక్క మైట్రల్ కవాటం రెక్క ఉంటుంది. గది గట్టిగా పిండినప్పుడు రక్తం ఆ ఇరుకులోంచి జోరుగా పోతూ, గాలి విసురుకు తలుపు వచ్చి పడ్డట్టు, ఆ రెక్కను గోడ వైపు తోసేస్తుంది. దారి మూసుకుంటుంది. రెక్క తన చోటు వదిలింది కాబట్టి కొంత రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల వైపు కారుతుంది కూడా.

ఈ అడ్డంకి ఎప్పుడూ ఒకేలా ఉండదు. పొద్దున లేనిది మధ్యాహ్నం రావచ్చు. గది నిండుగా ఉంటే గోడా రెక్కా దూరంగా ఉంటాయి, దారి తెరుచుకుంటుంది. గదిలోకి వచ్చే రక్తం తగ్గితే రెండూ దగ్గరవుతాయి. బయట రక్తనాళాలు సడలి వాటిలో ఒత్తిడి తగ్గితే రక్తం ఇంకా జోరుగా దూసుకుపోతుంది, రెక్క మరింత లాక్కుపోతుంది. గుండె మరీ గట్టిగా పిండినా అంతే. అడ్డంకిని పెంచేవన్నీ ఈ మూడు దారుల్లో ఏదో ఒక దారినే వస్తాయి.

పెళ్లినాటి మనిషి సంగతి ఇప్పుడు చూడండి. ఎండకు చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గింది. భోజనం తర్వాత పేగుల రక్తనాళాలు వెడల్పై రక్తం అటు మళ్లింది. మెట్లెక్కడంతో గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంది. పైగా బీపీ కోసం అతను రోజూ వేసుకునేది టెల్మిసార్టన్‌లో నీటి మాత్ర కలిపిన బిళ్ళ. అందులో ఒకటి నాళాలను సడలిస్తుంది, రెండోది ఒంట్లో నీటిని తీసేస్తుంది. ఇన్నిటి మీద సార్బిట్రేట్ వచ్చి పడింది. అది సిరలను సడలించి రక్తాన్ని కాళ్లలో, పొట్టలో నిలబెట్టింది. గుండెకు తిరిగి వచ్చే రక్తం ఒక్కసారిగా పడిపోయింది.

అంకెల్లో చెబితే ఇంకా తేటపడుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు అతని పై బీపీ 110 అనుకుందాం. అడ్డంకి వల్ల తేడా 20, అంటే గది లోపల ఒత్తిడి 130. ఈ తేడానే ఎకో రిపోర్టులో గ్రేడియెంట్ అని రాస్తారు. అది 30 దాటితే అడ్డంకి ఉన్నట్టు లెక్క. బిళ్ళ వేసుకున్నాక చేతి బీపీ 80కి పడింది, గ్రేడియెంట్ 90కి ఎగబాకింది. బీపీ మిషన్ 80 చూపిస్తున్న ఆ క్షణాన గుండె లోపల 170 ఒత్తిడితో గింజుకుంటోంది. ఆ మందపాటి కండరానికి అందాల్సిన రక్తం కూడా అందక నొప్పి పెరుగుతుంది.

ఇలాంటి మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే రక్తం గుండెకు చేరుతుంది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తారు, అవసరమైతే నాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ ఇస్తారు. బీపీ పడింది కదా అని గుండెను గట్టిగా కొట్టించే డోబుటమైన్ లాంటి మందు పెడితే మాత్రం పెనంలోంచి పొయ్యిలో పడ్డట్టే.

దీన్ని ముందే పట్టుకోవడం కష్టమేమీ కాదు. తెలివైన డాక్టరు రోగిని గొంతుక్కూర్చోబెట్టి స్టెత్ పెట్టి వింటాడు, తర్వాత నిలబెట్టి వింటాడు. గొంతుక్కూర్చుంటే గుండె నిండుతుంది, మర్మర్ శబ్దం తగ్గుతుంది. నిలబడగానే పెరుగుతుంది. కవాటమే బిరుసెక్కిన జబ్బులో ఇలా ఉండదు. నిలబడితే సాధారణంగా శబ్దం తగ్గుతుంది. ఎకో తీసేటప్పుడు కూడా ఊరికే పడుకోబెట్టి తీస్తే సరిపోదు. ఊపిరి బిగబట్టి ముక్కమనాలి, నిలబడాలి, వీలైతే నడిచాక తీయాలి. పడుకున్నప్పుడు 20 ఉన్న మన రోగి గ్రేడియెంట్ ముక్కినప్పుడు 80కి లేచింది. ఆ ఒక్క పరీక్ష చేయకపోయి ఉంటే ‘అడ్డంకి లేదు’ అని రిపోర్టు వచ్చేది.

నీటి మాత్ర సంగతి కాస్త చిక్కు. మందమైన గుండె బిరుసుగా ఉంటుంది, సరిగ్గా సాగదు. అందుకని వెనక ఊపిరితిత్తుల్లో రక్తం నిలిచి ఆయాసం వస్తుంది. ఆయాసం తగ్గాలంటే లాసిక్స్ లాంటిది కావాలి. కానీ ఎక్కువైతే గది ఖాళీ అయి అడ్డంకి ముదురుతుంది. అందుకే పూర్తిగా నిషేధం కాదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, బరువు, పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డప్పటి బీపీ చూస్తూ పోతారు. కాళ్ల వాపు తగ్గినా ఆయాసం పెరిగి, లేవగానే కళ్లు బైర్లు కమ్ముతుంటే మోతాదు మీరిందని అనుమానించాలి. విరేచనాలు పట్టిన రోజు, ఉపవాసం రోజు, వడగాలి రోజు ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

నాళాలను సడలించే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, టెల్మిసార్టన్, ప్రోస్టేట్‌కు వాడే కొన్ని ఆల్ఫా బ్లాకర్లు, వయాగ్రా రకం బిళ్ళలు, అన్నిటి దగ్గరా ఇదే జాగ్రత్త. మద్యం కూడా ఆ జాబితాలోదే. అడ్డంకి లేని హెచ్‌సీఎంలో బీపీ ఉంటే వీటిలో కొన్ని వాడవచ్చు. కాబట్టి పేరు చూసి భయపడేది కాదు, గ్రేడియెంట్ చూసి నిర్ణయించేది.

మన రోగికి బీపీ బిళ్ళ మార్చి మెటోప్రోలాల్ పెట్టారు. ఈ రకం బీటా బ్లాకర్లు గుండె వేగాన్నీ పిండే బలాన్నీ తగ్గిస్తాయి, గది నిండడానికి సమయం దొరుకుతుంది. పడనివాళ్లకు వెరపామిల్ ఇస్తారు. అదీ నాళాలను కొంత సడలిస్తుంది కాబట్టి గ్రేడియెంట్ 100 దాటి బీపీ తక్కువున్నవాళ్లకు ఇవ్వడానికి వెనకాడతారు. మందులకు లొంగక, గ్రేడియెంట్ 50 పైన ఉండి బాధ పెడుతుంటే ఉబ్బిన కండరాన్ని కోసి తీయడమో, దాని రక్తనాళంలోకి ఆల్కహాల్ ఎక్కించి కుంచింపజేయడమో చేస్తారు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావకామ్టెన్ కండరం పిండే బలాన్నే నేరుగా తగ్గిస్తుంది. అది వాడేవాళ్లకు గుండె మరీ నీరసించకుండా తరచూ ఎకో తీస్తూ ఉండాలి.

మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే, ఆటలాడాకో భోంచేశాకో మీకు కళ్లు తిరుగుతుంటే ఎకో తీయించుకోండి. జబ్బు ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా తీయించండి. వాడుతున్న మందులను మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా బీటా బ్లాకర్లను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరు ఎదురైనా, మందుల షాపులో నిలబడ్డా ముందు ఒక మాట చెప్పండి: ‘నాకు అడ్డంకి ఉన్న హెచ్‌సీఎం.’ ఎకో రిపోర్టు ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది.