డాక్టరుగారికి వాయిస్ నోట్ పంపే ముందు

ఒక్కసారి ఓపీలో చూపించుకున్న డాక్టరు నంబరు ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంటోంది. మందుల చీటీ అడుగున అచ్చయి ఉంటుంది, లేదా 'ఏదైనా ఉంటే మెసేజ్ పెట్టండి' అని ఆయనే ఇస్తారు, అదీ కాకపోతే తెలిసినవాళ్లను అడిగి సంపాదిస్తాం. ఆయనకు మన ముఖం గుర్తుండదు. ఆ రోజు మనలాంటి వాళ్లను ఎంతోమందిని చూసి ఉంటారు. ఆ కాస్త పరిచయంతో ఇంట్లో రోగి గురించి అడగాలి. అడిగే తీరు సరిగా లేకపోతే జవాబు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తప్పు జవాబు కూడా వస్తుంది.

తాడేపల్లిగూడెంలో ఉండే ఒకతను తండ్రిని విజయవాడ తీసుకెళ్లి బీపీకి చూపించాడనుకుందాం. రోజూ ఉదయం ఆమ్లోడిపిన్ 5 ఎం.జి. మాత్ర రాశారు. మూడు వారాలు తిరిగేసరికి తండ్రి పాదాలు వాచాయి. కొడుక్కి భయమేసింది. రాత్రి పదింటికి వాట్సాప్ తెరిచి మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. 'నమస్తే సార్, బాగున్నారా సార్. మేం మొన్న వచ్చాం కదా సార్, మా నాన్నగారికి బీపీ అని. మీరు చిన్న మాత్ర రాశారు, తెల్లది. ఇప్పుడు కాళ్లు కొంచెం తేడాగా ఉన్నాయి సార్. మా చిన్నాన్నేమో కిడ్నీ అంటున్నాడు…' అలా నాలుగు నిమిషాలు. ఆ మాత్ర ఆపేయాలా అన్న అసలు ప్రశ్న మూడో నిమిషం దాటాక వచ్చింది.

మర్నాడు ఓపీలో ఆ నోట్ తెరవాలంటే డాక్టరుకు ఉండే ఇబ్బంది చూడండి. ఎదురుగా వేరే రోగి కూర్చుని ఉంటాడు. స్పీకరులో పెడితే మీ ఇంటి సంగతి ఆ గదిలో అందరికీ తెలుస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని వినాలంటే ఎదుటి మనిషిని నాలుగు నిమిషాలు ఆపాలి. రాసిన మెసేజ్ అయితే కళ్లతో ఒక్కసారి చూడగానే సంగతి అర్థమవుతుంది. మాటను అలా పైపైన చూడలేం, మొదటినుంచి వినాల్సిందే. వేగం పెంచి వినే వీలు 2021లో వాట్సాప్‌లోకి వచ్చింది. కానీ ఏడుపు గొంతుతో, టీవీ మోతలో చెప్పిన మాటను రెండింతల వేగంతో వింటే సగం అర్థం కాదు.

విన్నా కూడా ఆయనకు కావలసింది అందులో లేదు. 'మొన్న' అంటే ఏ రోజు? 'తెల్ల మాత్ర' అంటే ఏది? వాపు ఒక కాలికా, రెండింటికీనా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి రెండు పాదాలూ వాచడం డాక్టర్లందరికీ తెలిసిన దుష్ప్రభావం. అదే ఒక్క కాలే వాచి నొప్పి పెడుతుంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని చూడాలి. వాపుతోపాటు ఆయాసం ఉంటే గుండె సంగతి చూడాలి. నాలుగు నిమిషాల మాటల్లో ఈ మూడింటినీ విడదీసే వివరం ఒక్కటీ లేదు. అందుకే డాక్టరు తిరిగి ప్రశ్నలు వేస్తారు, దానికి మళ్లీ వాయిస్ నోట్లు వెళ్తాయి, ఒక పూట గడిచిపోతుంది.

మందుల పేర్ల విషయంలో మాట మీద ఆధారపడటం ఇంకా ప్రమాదం. హైడ్రాలజిన్ బీపీకి వాడే మందు, హైడ్రాక్సిజిన్ దురదకు, అలర్జీకి వాడే మందు. ఫోనులో వింటే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే మందు పేరును నోటితో చెప్పకుండా మాత్రల షీటును ఫోటో తీసి పంపాలి. పేరు, ఎం.జి. కనబడేలా తీస్తే చాలు.

అదే కొడుకు ఇలా రాసి ఉంటే:

'నమస్తే డాక్టర్ గారూ. నేను (పేరు), తాడేపల్లిగూడెం నుంచి. మా నాన్నగారు (పూర్తి పేరు), వయసు 62, ఈ నెల 4న మీ ఓపీలో బీపీకి చూపించుకున్నారు. మీరు రాసిన చీటీ ఫోటో కింద పెడుతున్నాను.

రోజూ ఉదయం ఆమ్లోడిపిన్ 5 ఎం.జి. వేసుకుంటున్నారు. ఐదు రోజులుగా రెండు పాదాలూ వాస్తున్నాయి, సాయంత్రానికి ఎక్కువవుతోంది. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఈ ఉదయం బీపీ 134/84.

మాత్ర కొనసాగించాలా, ఒకసారి తీసుకురమ్మంటారా? వీలైనప్పుడు చెప్పండి. ఆన్‌లైన్ కన్సల్టేషన్‌కు ఫీజు ఎంతో చెబితే పంపిస్తాను.'

దీన్ని చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. ఎవరు, ఎప్పుడు చూపించుకున్నారు, ఏం వాడుతున్నారు, ఏం జరిగింది, ఏం అడుగుతున్నారు అన్నీ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. 'హాయ్ సార్' అని పెట్టి ఆయన పలికేదాకా ఎదురుచూడటం, ఆ తర్వాత ఒక్కో వాక్యం ఒక్కో మెసేజ్‌గా పంపడం కన్నా ఇది ఎంతో మేలు. జవాబు వచ్చేదాకా మాత్రను సొంతంగా ఆపకూడదు, ఎందుకంటే బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది.

ఫీజు ప్రస్తావన కొందరికి ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. కానీ వాట్సాప్‌లో సలహా అడగడం కూడా వైద్య సంప్రదింపే. కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 25న, కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాట్సాప్ లాంటి చాట్ ద్వారా రోగిని చూడటాన్ని అవి ఒప్పుకున్నాయి. నేరుగా చూసినప్పటిలాగే దీనికీ డాక్టరు ఫీజు తీసుకోవచ్చని చెప్పాయి. రోగి ఎవరో, వయసెంతో తెలుసుకోకుండా మందు రాయకూడదన్నాయి. అదే జబ్బుకు ఆరు నెలల లోపు నేరుగా చూపించుకున్నవాళ్లను మళ్లీ సంప్రదించే పాత రోగులుగా పరిగణించమన్నాయి. కాబట్టి పేరు, వయసు, చూపించుకున్న తేదీ రాయడం మర్యాద కోసమే అనుకోవద్దు. అవి లేకపోతే డాక్టరు మందు రాయలేరు. ఫోనులో చూసింది చాలదనిపిస్తే నేరుగా రమ్మనే హక్కు కూడా ఆయనకు ఉంది. 'ఒకసారి తీసుకురండి' అన్న జవాబును తప్పించుకునే మాటగా తీసుకోకూడదు.

'అంతా బాగుంది, మాకు తెలుగు టైపు చేయడం రాదే' అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది నిజమైన ఇబ్బంది, వాయిస్ నోట్లు ఇంతగా పెరగడానికి పెద్ద కారణం కూడా ఇదే. దీనికి మంచి దారి ఒకటుంది. ఫోనులో మైకు గుర్తులు రెండు ఉంటాయి. వాట్సాప్‌లో కుడి మూల ఉండేది మాటను మాటగానే పంపుతుంది. కీబోర్డు మీద ఉండేది మాటను అక్షరాలుగా మారుస్తుంది. గూగుల్ కీబోర్డు 2017 నుంచి తెలుగు మాటలను కూడా ఇలా రాస్తోంది. కీబోర్డు సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు జత చేసుకుని, ఆ మైకు నొక్కి నిదానంగా చెబితే చాలు. పంపే ముందు ఒకసారి చదువుకోవాలి. మందుల పేర్లు, అంకెలు అందులో తరచు తప్పు పడతాయి.

రిపోర్టులు పంపడంలోనూ కొంచెం శ్రద్ధ అవసరం. ల్యాబ్ ఇచ్చిన పీడీఎఫ్ ఉంటే దాన్నే డాక్యుమెంటుగా పంపాలి. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గిస్తుంది, చిన్న అంకెలు మసకబారతాయి. కాగితం మాత్రమే ఉంటే పగటి వెలుతురులో బల్ల మీద పరిచి, తేదీ, పేరు పడేలా పేజీ మొత్తం తీయాలి. వాపు చూపించాలంటే రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి తీయాలి. బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీస్తే గుంట పడుతోందో లేదో కూడా రాయాలి, అది డాక్టరుకు పనికొచ్చే వివరం.

వాయిస్ నోట్ అసలు వద్దని కాదు. డాక్టరే 'మాట్లాడి పంపండి' అంటే పంపొచ్చు. పిల్లవాడి దగ్గు శబ్దం వినిపించాలన్నా, చదవడం, రాయడం రాని తల్లి తన బాధ తన నోటితోనే చెప్పాలన్నా అదే సరైన దారి. అప్పుడు ముందు ఒక వాక్యం రాసి, ఆ కింద నిమిషం లోపు ఉండే నోట్ పెట్టాలి. నొక్కిపట్టిన మైకును పైకి జరిపితే రికార్డింగు లాక్ అవుతుంది. ఆపి, ఒకసారి విని, బాగుంటే పంపొచ్చు. డాక్టరు జవాబు వాయిస్‌లో వస్తే, విన్నది మళ్లీ రాసి అడగాలి: 'ఈ మాత్ర ఆపి, కొత్తది రేపు ఉదయం నుంచి రోజుకు ఒకటి. సరేనా డాక్టర్ గారూ?' ఈ ఒక్క వాక్యం చాలా పొరపాట్లను ఆపుతుంది, తర్వాత వెతికితే దొరుకుతుంది కూడా.

నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. దీనికి బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. ఆయన రెండు ఆపరేషన్ల మధ్య చూసి ఉండొచ్చు, చీటీ మళ్లీ చదివాక చెబుదామనుకుని ఉండొచ్చు. ఒక రోజు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఆస్పత్రి నంబరుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. అడగకుండా వీడియో కాల్ చేయడం మాత్రం ఏ సందర్భంలోనూ పద్ధతి కాదు. రాత్రివేళ మహిళా డాక్టర్లకు ఇలాంటి కాల్స్ రావడం నిజంగా సిగ్గుపడాల్సిన విషయం. పని అయిపోయాక ఆ నంబరుకు గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుడి ఫార్వర్డులు పంపకండి. వాటి కింద మరో రోగి మెసేజ్ మరుగున పడుతుంది.

ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనబడినా వాట్సాప్ తెరవకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి బయల్దేరండి. మిగతా రోజుల కోసం ఒక పని చేసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కీబోర్డుకు తెలుగు జత చేయండి. వాళ్ల మందుల చీటీ, మాత్రల షీట్లు ఫోటోలు తీసి అదే ఫోనులో ఒకచోట ఉంచండి. అవసరం వచ్చిన రాత్రి వెతుక్కోకుండా పంపొచ్చు.