మొదటి దోసె ఎందుకు చిరుగుతుంది?

హైదరాబాద్‌లో పొద్దున్నే దోసెల బండి దగ్గర కాసేపు నిలబడితే ఒక వింత కనిపిస్తుంది. మాస్టర్ పెద్ద మంట పెట్టి పెనాన్ని బాగా కాలుస్తాడు. తీరా పిండి పోసే ముందు మగ్గుతో దాని మీద నీళ్లు చల్లుతాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఆ నీళ్లను కొబ్బరి ఈనెల చీపురుతో ఒక్క ఊపులో ఊడ్చేసి, మధ్యలో గరిటెడు పిండి వేసి, నాలుగైదు చుట్లలో పెనమంతా పరిచేస్తాడు. అంతసేపు కాల్చిన పెనాన్ని చివరి నిమిషంలో చల్లార్చడం దేనికి?

కరకరలాడే దోసె కిటుకంతా అందులోనే ఉంది. దోసెకు ఒకే వేడి సరిపోదు. పిండి తిప్పేటప్పుడు పెనం కాస్త చల్లగా ఉండాలి, తిప్పాక బాగా వేడెక్కాలి. ఇంట్లో బీడు పెనం మీద, అంటే పోత ఇనుముతో చేసిన పెనం మీద దోసె కుదరలేదంటే చాలాసార్లు తప్పు పిండిది కాదు. ఈ రెండు వేళ్లలో ఎక్కడో వేడి తారుమారైందన్నమాట.

పెనం పెద్దదైతే ఈ ఇబ్బంది ఇంకా తెలుస్తుంది. 12 అంగుళాల బీడు పెనం సుమారు 2.5 కిలోలు తూగుతుంది. ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది. అల్యూమినియంలో దానికి దాదాపు నాలుగు రెట్ల వేగంతో పాకుతుంది. అందుకే గ్యాస్ పొయ్యి మీద పెట్టిన బీడు పెనం మంట తగిలే చోట భగభగలాడుతుంటే అంచు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో వేడి చేశామనుకుంటే మోసపోతాం. మధ్యలో దోసె మాడిపోతుంది, అంచు తెల్లగా మిగులుతుంది. మధ్యస్థం కంటే కాస్త తక్కువ మంట మీద 8 నుంచి 10 నిమిషాలు ఉంచి, మధ్యమధ్యలో పెనాన్ని పావు చుట్టు తిప్పుతూ ఉంటే వేడి అంచుదాకా చేరుతుంది. ఒకసారి వేడెక్కితే మాత్రం ఆ బరువే మేలు చేస్తుంది. చల్లటి పిండి పడినా పెనం ఒక్కసారిగా చల్లారిపోదు.

ఇదంతా పెనం వాడకానికి వచ్చాకే. కొత్త పెనం మీద నేరుగా పిండి పోస్తే దోసె అట్లకాడకు ముక్కలుముక్కలుగా వస్తుంది. పోత ఇనుము పైకి నున్నగా కనిపించినా వేలితో తడిమితే గరుకు తగులుతుంది. పిండి ఆ గరుకులో దిగి గట్టిపడుతుంది. దాన్ని నూనె పొరతో కప్పి నున్నగా చేయడమే సీజనింగ్.

ముందుగా పెనాన్ని సబ్బు, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. తుప్పు పట్టకుండా తయారీదారులు పూసిన మైనమో నూనెనో ఉంటే అది పోవాలి. పాతకాలం ఇళ్లలో ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్లు గానీ గంజి గానీ పోసి రాత్రంతా ఉంచేవారు. పులిసిన నీళ్లలోని ఆ కాస్త పులుపు తుప్పును, నల్లటి పొడిని వదిలిస్తుంది. అది శుభ్రం చేయడమే తప్ప సీజనింగ్ కాదు. కడగగానే పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆర్చాలి. అరగంట తడిగా వదిలేసినా ఎర్రటి తుప్పు మరకలు మొదలవుతాయి.

పెనం వేడెక్కాక చెంచాడు నూనె గుడ్డతో అంతటా పూయాలి. తర్వాత ఇంకో పొడి గుడ్డతో, పొరపాటున ఒలికిన నూనెను తుడిచేస్తున్నట్టు, మొత్తం తుడిచేయాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నూనె ఎక్కువుంటే మంచిదనుకుని మందంగా వదిలేస్తారు. అది గట్టిపడకుండా బంకబంకగా మిగిలి, మొదటి దోసెతోనే ఊడి వస్తుంది. కంటికి కనిపించనంత పల్చటి పొరే కావాలి. కిటికీలు తెరిచి, పెనం మీద సన్నగా పొగ లేచేదాకా వేడి చేసి, ఆ వేడిలో ఇంకో పది నిమిషాలు ఉంచి చల్లార్చాలి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి.

అంత వేడిలో నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. అవిసె నూనెతో కలిపిన రంగు చెక్క మీద ఆరి గట్టిపడేదీ ఈ పద్ధతిలోనే. పొద్దుతిరుగుడు, నువ్వులు, వేరుశెనగ నూనెలు ఇందుకు పనికొస్తాయి. నెయ్యి, కొబ్బరి నూనె ఇలా గట్టిపడవు. వాటిని దోసె మీద వేసుకోవడానికి ఉంచుకోవడం మేలు. పొర పట్టాక చక్రాల్లా తరిగిన ఉల్లిపాయలు నూనెలో నల్లబడేదాకా వేయించి పారేస్తారు. మొదటి వారం పల్చటి దోసెల జోలికి పోకుండా నూనె కాస్త ఎక్కువగా వేసి మందపాటి మినపట్లు పోస్తారు. ఒక్కో అట్టుతో పొర ఇంకాస్త నున్నబడుతుంది. అమెరికాలోని తెలుగిళ్లకు ఈ పని కొంత తగ్గింది. టెనెసీ రాష్ట్రంలో 1896లో మొదలైన లాడ్జ్ వంటి కంపెనీల పెనాలు సీజనింగ్ చేసే వస్తాయి. అయినా వాటి గరుకు పోవాలంటే పది పదిహేను అట్లు పడాల్సిందే.

పెనం సిద్ధమయ్యాక ఎంత వేడిగా ఉందో తెలుసుకోవడానికి నాలుగు నీటి చుక్కలు చాలు. చుక్క కదలకుండా కూర్చుని నెమ్మదిగా బుడగలు పోస్తే ఇంకా వేడెక్కాలి. చుయ్యిమని పొంగి రెండు మూడు క్షణాల్లో మాయమైతే పిండి తిప్పడానికి తగిన వేడి. చుక్క ముత్యంలా గుండ్రమై పెనమంతా దొర్లుతూ తిరిగితే వేడి హద్దు దాటింది. అడుగున లేచిన ఆవిరి మీద చుక్క తేలిపోతుండటం వల్ల అలా దొర్లుతుంది. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో వివరించింది దీన్నే. ఆయన కూడా నీటి చుక్కలను ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలోనే వేసి చూశాడు.

ముత్యాలు దొర్లే వేడిలో పిండి వేస్తే బియ్యపు పిండి తగిలీ తగలగానే ఉడికి బిగుసుకుంటుంది. గరిటె తిప్పబోతే పిండి ముద్దలా గరిటె వెంటే లేచి వస్తుంది. మొదటి దోసె చిరగడానికి మామూలు కారణం ఇదే. బండి మాస్టర్ నీళ్లు చల్లేదీ ఇందుకే. 2.5 కిలోల పెనం మీద రెండు చిన్న చెంచాల నీళ్లు, అంటే 10 మిల్లీలీటర్లు, పూర్తిగా ఆవిరైపోతే పెనం సగటున 20 డిగ్రీల దాకా చల్లబడుతుంది. అందులోనూ ముందుగా చల్లారేది పైపొర. పిండికి తగిలేది కూడా ఆ పైపొరే. ఇంట్లో చీపురు అక్కర్లేదు, తడి గుడ్డతో తుడిస్తే చాలు. అయితే కాలిన పెనాన్ని కుళాయి కింద మాత్రం పెట్టకూడదు. పోత ఇనుము ఆ దెబ్బకు పగలవచ్చు.

ఇక నూనె సంగతి. పిండి పోసే ముందు పెనం మీద నూనె తేలుతుంటే పిండికి పట్టు దొరకదు, గరిటె ఎటు తిరిగితే అటు జారుతుంది. సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనానికి రుద్దడం మన వంటిళ్లలో పాత అలవాటు. దాంతో అవసరమైనంత పల్చటి పొరే పడుతుంది. మెరుపు కనిపిస్తే ఒకసారి గుడ్డతో అద్దాలి. పిండి గరిటె నుంచి తెగకుండా రిబ్బన్‌లా జారాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని గంట ముందే బయట పెట్టాలి. చల్లటి పిండి చిక్కగా ఉండి సరిగ్గా పాకదు.

మంట తగ్గించి, అడుగు చదునుగా ఉన్న గరిటెతో 80 మిల్లీలీటర్ల పిండి మధ్యలో వేయాలి. గరిటె అడుగు పిండి మీద తేలాలి, పెనానికి తగలకూడదు. మణికట్టు వదులుగా ఉంచి, గరిటె ఎత్తకుండా, ఒకే వైపు చుట్లు చుట్టుకుంటూ అంచుకు పోవాలి. నొక్కితే మధ్యలో చిల్లులు పడతాయి. అయిదారు క్షణాల్లో పని ముగియాలి. ఆ తర్వాత పిండి బిగుసుకుంటుంది కాబట్టి ఖాళీలు కనిపించినా మళ్లీ దిద్దబోకూడదు.

ఇప్పుడు మంట పెంచాలి. గరిటెడు పిండిలో సగానికి పైగా నీళ్లే. అవి పోయేదాకా దోసె అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆరాకే వేడి 140 డిగ్రీలు దాటి రంగు తిరుగుతుంది, కరకర మొదలవుతుంది. అన్ని నీళ్లను ఆవిరి చేయడానికి పెనం దాచుకున్న వేడి ఒక్కటే చాలదు, కింద మంట తోడు కావాలి. పైన తడి మెరుపు పోయి తెల్లటి పొర పొడిబారాక చెంచాడు నూనె అంచుల చుట్టూ, కొంచెం మధ్యలో వేస్తారు. అప్పుడు మంటను మధ్యస్థానికి తేవాలి. నిమిషంన్నర, రెండు నిమిషాలకు అడుగు ఎరుపు పైకి చారలుగా కనిపిస్తుంది, అంచు దానంతట అదే లేస్తుంది. అంచు లేవకముందే అట్లకాడ పెడితే చిరుగుతుంది. పల్చటి దోసెను రెండో వైపు తిప్పితే మెత్తబడుతుంది, తిప్పకపోవడమే మంచిది.

దోసెను చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది. పైన పచ్చిగా ఉండి అడుగు మాడితే మంట ఎక్కువైంది. తెల్లగా, తోలులా సాగితే మంట పెంచడం మరిచారు, లేదా దోసె మందమైంది. ప్రతి దోసె ఒకే చోట అంటుకుంటే అక్కడ నూనె పొర లేచిపోయింది, ఆ చోటికి మళ్లీ సీజనింగ్ చేయాలి. విద్యుత్ పొయ్యి మీద ఇంకో చిక్కుంది. మీట తగ్గించినా కాయిల్ వెంటనే చల్లారదు కాబట్టి, పిండి తిప్పే ముందు పెనాన్ని కాసేపు పొయ్యి మీంచి దించాలి.

దోసెల పెనం మీద చపాతీలు చేయనివ్వని ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. పొడి పిండి మాడి, నూనె లేని వేడికి పొర దెబ్బతింటుంది. చింతపండు, టమాటా వంటి పులుపు కూడా ఆ పొరను తినేస్తుంది. చివరి దోసె తీశాక వేడి తగ్గిన పెనాన్ని కాసిని నీళ్లతో కడిగి, పొయ్యి మీద ఆర్చి, నాలుగు చుక్కల నూనె పూసి గోడకు ఆనించి పెడతారు. మర్నాడు మళ్లీ ఉల్లిపాయ రుద్ది, నీళ్లు చల్లి, చుయ్యిమన్న చప్పుడు తగ్గాక మొదటి గరిటె వేస్తారు. ఆ మొదటి దోసె కూడా చిరగకుండానే లేస్తుంది.